తునికాకును దళం అనకు

అమ్మడూ,

నీ వ్యాసంలోని తునికాకు భాగం అందింది. మొదటి ప్రతిలో ఈ పేరా ఉంది:

"ఏప్రిల్‌లో కూలీలు అడవికి వెళ్ళి తునికాకు కోస్తారు. కోసిన ఆకును ఇంటికి తెస్తారు. ఇంట్లో ఆకును కట్టలు కడతారు. ఒక్కో కట్టలో 50 ఆకులు ఉంటాయి. కట్టిన ఆకును కల్లానికి తీసుకెళ్తారు. కల్లంలో ఆకును ఎండబెడతారు."

'ఆకు' ఆరుసార్లు వచ్చిందని ఎవరో అన్నారట. నువ్వు నిఘంటువు తీసి రెండో ప్రతిలో ఒకచోట పత్రం, ఒకచోట పర్ణం, ఇంకోచోట దళం పెట్టావు. "దళాలను కట్టి కల్లానికి తీసుకెళ్తారు" అని చదివి మీ అత్తయ్య ఎంత నవ్విందో! భద్రాచలం అడవి అంచున దళం అంటే తుపాకులతో తిరిగేవాళ్ళే. పత్రం అంటే పోడు పట్టా గుర్తొస్తుంది. పర్ణాన్ని పర్ణశాలకే వదిలేద్దాం.

అసలు చిక్కు మాటలో లేదు. నీ పేరాలో ప్రతి వాక్యం ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలవుతోంది. అలా మొదలైన ప్రతిసారీ ఆకును మళ్ళీ పిలవాల్సి వస్తోంది. కోసేదీ, తెచ్చేదీ, కట్టేదీ ఆ ఆకునే; చేసేదీ ఆ కూలీలే. అలాంటప్పుడు పనులను ఒక వరసలో పేర్చడానికి తెలుగులో 'తెచ్చి, కట్టి' లాంటి రూపాలు ఉన్నాయి. 'కోసిన' అనే మాట ఒక వాక్యాన్నంతా పక్కమాటకు విశేషణంగా మార్చేస్తుంది. ఇలా రాసి చూడు:

"ఏప్రిల్‌లో కూలీలు అడవిలో కోసిన తునికాకును ఇంటికి తెచ్చి, 50 చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. కల్లేదారు లెక్క చూసుకున్నాక కట్టలను అక్కడే ఎండబెడతారు."

ఆకు ఒక్కసారే వచ్చింది, దానికి బదులు కొత్త మాట ఒక్కటీ అక్కర్లేకపోయింది. 'కట్ట' రెండుసార్లు ఉందని మళ్ళీ నిఘంటువు తీయకు. కూలి లెక్క కట్ట మీదే. దాన్ని మోపు అన్నావంటే లెక్కే మారిపోతుంది.

ఈ పద్ధతిలోనూ జారిపడే చోట్లున్నాయి. 'కట్టి' అన్న పని చేసినవాడే వాక్యం చివరి పనీ చెయ్యాలి. "కట్టలు కట్టి కల్లేదారు డబ్బిస్తాడు" అంటే పాపం కల్లేదారే కూర్చుని కట్టలు కట్టినట్టు. అక్కడ "కూలీలు కట్టలు కట్టాక" అని కర్తను విడిగా చెప్పు. అలాగే, "కట్టలను బస్తాలకెత్తి లెక్కపెడతారు" అని వదిలేస్తే, లెక్కపెట్టేది కట్టలనా బస్తాలనా? వెయ్యి కట్టలకొక బస్తా. తేడా చిన్నది కాదు. అలాంటిచోట మాట తిరిగొచ్చినా సరే, "బస్తాలను లెక్కపెడతారు" అనే రాయాలి.

ఎక్కడ తిప్పి రాయాలో కంటికన్నా చెవికి ముందు తెలుస్తుంది. పైకి చదువు. మాట తిరిగొచ్చిన చోటల్లా వాక్యం కూడా ఒకే వరసలో మొదలై ఒకే తీరు క్రియతో ముగుస్తుంటే, కలపాల్సింది అక్కడే.

వ్యాసంలోని వరదల పేరా కూడా పంపు. గోదావరిని గౌతమి అని మార్చావేమోనని అనుమానం. ఆ పేరు ధవళేశ్వరం దిగువన పాయకు స్థిరపడింది. భద్రాచలం కరకట్ట దగ్గర గోదావరే ఉండనీ.

మీ మామయ్య