ముందు కొరత, ఆ తర్వాతే పండగ

నాగరికత మెల్లగా కూలిపోయాక మిగిలిన ఓ ఊరి మీద నవల రాస్తున్నారా? కొత్తవాళ్లు చాలామంది వింత జాతరతోనో, భయంకరమైన శిక్షతోనో మొదలుపెడతారు. ముందు ఆ ఊళ్లో ఏది చాలదో తేల్చుకోండి. ఒక్కటి చాలు. అన్నీ కరువైన ఊళ్లో కథ నడవదు, చావులే నడుస్తాయి.

ఉదాహరణకు నీళ్లే తీసుకోండి. శ్రీలంకలో 13వ శతాబ్దంలో పొలొన్నరువ రాజ్యం పడిపోయింది. పెద్ద జలాశయాలను చూసుకునే యంత్రాంగం చెదిరింది. ఊరి చెరువులు మాత్రం బతికాయి, వాటిని ఊళ్లే చూసుకున్నాయి గనక. ఆ చెరువుల కింద ‘బెత్మ’ అనే కట్టుబాటు ఉంది. చెరువు నిండని ఏడు తూముకు దగ్గరి పొలమే సాగుచేస్తారు. దాన్ని ఆ కారు వరకు ఆయకట్టు రైతులంతా పంచుకుంటారు. హక్కు మాత్రం అసలు యజమానిదే.

దీన్ని మీ ఊళ్లో పెట్టి చూడండి. 40 ఇళ్లు, ఇంటికి రెండెకరాల చొప్పున 80 ఎకరాలు. విడిభాగాలు దొరక్క మోటార్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి. ఈ ఏడు చెరువు నీళ్లు 20 ఎకరాలకే వస్తాయి, అంటే ఇంటికి అరెకరం. ఇప్పుడు చిక్కులు మొదలు. తూము పక్క రైతు తన పొలం ఎందుకు వదలాలి? నీళ్లు చాలవని ఎవరు చెప్పాలి? ఆ మాట నారు పోయకముందే రావాలి, లేకపోతే కింది పొలాల వాళ్ల విత్తనం పోతుంది. కట్టకు మట్టి మోయడానికి రాని ఇంటికి వాటా ఇవ్వాలా? ఇలాంటి ప్రశ్నకు ఊరు చెప్పుకున్న జవాబే నియమం.

నియమం పుట్టగానే దొంగనూ పుట్టించండి. రాత్రి ఎవరో తూము ఎత్తారు. సాక్షి అక్కర్లేదు. బీడుపడాల్సిన కింది మడి తెల్లారేసరికి తడిసి ఉంటే చాలు.

ఆచారం వచ్చేది ఇక్కడ. తూము తెరిచే రోజు ప్రతి ఇంటి నుంచీ ఒకరు కట్ట మీదికి వచ్చి, చెట్టు కింద కుండ పెట్టాలనుకోండి. చూడ్డానికి పూజే. నిజానికది హాజరు పట్టీ. కుండ రాని ఇల్లు ఒప్పందానికి రాలేదని అందరికీ తెలిసిపోతుంది. కోతల తర్వాత చెరువు దేవుడికి కుండలతో మొక్కు చెల్లించే వేడుక శ్రీలంక ఊళ్లలో నిజంగానే ఉంది. హాజరు సంగతి మాత్రం నా కల్పన. మీ ఆచారాన్ని తీసేసి చూడండి. ఊళ్లో ఏ పనీ ఆగకపోతే అది అలంకారమే, కొట్టేయండి.

కూలడం మెల్లగా జరిగింది కాబట్టి ఊళ్లో మూడు తరాలు ఉంటాయి. అవ్వకు మోటారు స్విచ్ గుర్తుంది. కొడుక్కి కుండ ఎందుకో తెలుసు. మనవడికి కుండ దేవుడిదే. వరసగా మూడేళ్లు వానలు తప్పించండి. తూము పక్క రైతు మూడోసారీ పొలం వదలనంటే ఈ ముగ్గురూ ఒకే మాట అనరు. మీ రెండో భాగం అక్కణ్నుంచి రాయండి.