కుదరకపోతే పర్లేదు సార్!

హైదరాబాదులో ఓ ప్రైవేటు కంపెనీ ఎకౌంట్స్‌లో పనిచేసే మేనకోడలు, సెలవు కోసం మేనేజరుకు పంపబోయే వాట్సాప్ మెసేజీని ముందుగా మేనత్తకు పంపింది. మేనత్త రిటైరయ్యే ముందు చాలా ఏళ్లు ఎకౌంట్స్ సెక్షన్ చూసింది, బోలెడన్ని సెలవు చీటీల మీద సంతకాలు పెట్టింది. ఫోన్‌లో చెబితే మర్చిపోతుందని జాబే రాసింది. అమ్మాయి చిత్తుప్రతి ఇదీ:

"నమస్తే సార్, మీరు బిజీగా ఉంటారు, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ. మా పెద్దమ్మ కూతురి పెళ్లి కుదిరింది సార్, మూడేళ్ల నుంచి సంబంధాలు చూస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పనులకు ఎవరూ లేరు. నేను తప్పకుండా రావాలంటున్నారు. వీలైతే ఆ వారంలో ఒకట్రెండు రోజులు సెలవు ఇప్పించగలరా? కుదరకపోతే పర్లేదు సార్. అవసరమైతే అక్కణ్నుంచి లాప్‌టాప్‌లో పని చేస్తాను. ఏమీ అనుకోవద్దు."

"అమ్మడూ, ఇంత చదివినా ఏ తేదీల్లో రావో మీ సారుకు తెలియలేదు" అని మొదలైంది జాబు. ఒకట్రెండు రోజులంటే ఒకటా, రెండా? ఆయన తిరిగి అడగాలి. అడిగే తీరిక లేకపోతే మెసేజీ అలాగే కిందికి జారిపోతుంది. అమ్మ మోకాళ్ల సంగతి ఆయనకు అక్కర్లేదు. పైగా కారణాలు పెరిగేకొద్దీ ఒక్కోదానికీ ఒక్కో సలహా వస్తుంది: పనులకు మనుషుల్ని పెట్టుకోవచ్చు కదమ్మా అని. పెళ్లి అన్న ఒక్క మాట చాలంది మేనత్త.

ఆవిడకు అసలు కోపం వచ్చింది చివరి మూడు వాక్యాల మీద. "కుదరకపోతే పర్లేదని నువ్వే అంటే, కాదనడానికి ఆయన కష్టపడక్కర్లేదు. లాప్‌టాప్ పట్టుకెళ్తానన్నావంటే అది సెలవే కాదు. నీ ఖాతాలో ఉన్న ఎర్న్‌డ్ లీవుకు ఈ బతిమాలడం దేనికి?" తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి మరుసటి పన్నెండు నెలల్లో 15 రోజులు జీతంతో కూడిన సెలవు ఉంటుంది. అయితే ఏ తేదీల్లో అన్నది ఆఫీసు పని చూసుకుని మాట్లాడుకోవాల్సిందే. "అందుకని వెళ్తున్నాను, తెలియజేస్తున్నాను అనీ రాయకు" అని కూడా హెచ్చరించింది.

మేనేజరుకు నిజంగా కావలసిన సంగతి చిత్తుప్రతిలో లేనే లేదు. పెళ్లి నవంబరు 19 రాత్రి, రాజమండ్రిలో. వాళ్ల కంపెనీ ప్రతి నెలా వేసే జీఎస్‌టీఆర్-3బి రిటర్నుకు 20 గడువు. దాటితే లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. ఆ లెక్క చూసే మనిషే సరిగ్గా ఆ రెండు రోజులూ సెలవంటే ఎవరికైనా గుండె దడే. కానీ కొనుగోళ్ల పన్ను వివరాలు చూపే 2బి, పోర్టల్‌లో 14నే వస్తుంది. నాలుగు రోజుల్లో సరిచూసుకోవచ్చు. రిటర్ను మీద పడే డిజిటల్ సంతకం ఎలాగూ మేనేజరుదే. ఈ లెక్క వేసుకుని మేనత్త తిరగరాసింది:

"నమస్తే సార్. మా అక్క పెళ్లికి నవంబరు 19, 20 (గురు, శుక్ర) రెండు రోజులు ఎర్న్‌డ్ లీవు కావాలి. 3బి లెక్కలు 2బితో సరిచూసి 18 సాయంత్రానికి మీకిస్తాను, మీరు సంతకం చేసి ఫైల్ చేస్తే సరిపోతుంది. రైలు టికెట్లు తీసుకోవాలి, శుక్రవారంలోగా చెప్పగలరా?"

సారీలు పోయాయి గానీ నమస్తే, గారాలు లేని మర్యాద మిగిలాయి. గడువు పెట్టడం పొగరు అవుతుందేమోనని అమ్మాయి భయపడుతుందని ఆవిడకు తెలుసు. టికెట్ల మాట ఉంది కాబట్టి అది బెదిరింపులా వినిపించదట. ఈ మెసేజీ కనీసం రెండు వారాల ముందు వెళ్లాలి. 17న పంపితే ఎంత చక్కగా రాసినా దండగే.

"చూద్దాం" అని జవాబొస్తే? దాన్ని సరే అనుకోవద్దు, అలగనూ వద్దు. శుక్రవారం పొద్దున ఒక్క వాక్యం: "సార్, 19, 20 సెలవు ఖాయం చేస్తే ఈరోజు టికెట్లు తీసుకుంటాను." అప్పటికీ ఒక రోజు తగ్గించమంటే వదులుకోగలిగింది 20 మాత్రమే, ముహూర్తం రోజు కాదు. పెళ్లయిన తెల్లారే బండెక్కి మధ్యాహ్నానికి ఆఫీసులో ఉండొచ్చు. ఆ బేరం మాత్రం మొదటి మెసేజీలో పెట్టకూడదు.

జాబు చివర, సంతకం పక్కన ఇరికించి ఇంకో మాట రాసింది: వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ వస్తే సరిపోదు, అదే రోజు హెచ్‌ఆర్ పోర్టల్‌లోనూ ఎర్న్‌డ్ లీవు కింద అప్లై చెయ్యి, లేకపోతే నెలాఖరున ఆ రెండు రోజుల జీతం కోతపడుతుంది.