డల్లాస్ కరెంటు బిల్లు చదవడం ఎలా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి కరెంటు బిల్లు ఫొటో పంపింది. గడువు 07/08/2025 అని ఉంది. ఆగస్టు 7 దాకా ఆగొచ్చా? చార్జీలు రెండుసార్లు ఎందుకు వేశారు?
– ఓ పాఠకురాలు, ఫిల్మ్‌నగర్

జవాబు: ఆగకండి అమ్మా, అది జులై 8. అమెరికాలో నెల ముందు రాస్తారు. బిల్లు ఇచ్చిన తేదీ 06/20 చూడండి. ఇరవయ్యో నెల లేదు కదా! టెక్సస్‌లో గడువు దాటితే 5 శాతం దాకా జరిమానా పడొచ్చు.

ఇక రీడింగులు. పాతది 47,150, కొత్తది 48,310. తేడా 1,160 యూనిట్లు. మీరు పంపిన ఫొటో మసగ్గా ఉంది, ఆ 3 నాకూ మొదట 8లా కనిపించింది. అప్పుడు తేడా 1,660 వస్తుంది, బిల్లులోని వాడకంతో కలవదు. అనుమానం వస్తే తీసివేతే సాక్ష్యం.

చార్జీలు రెండుసార్లు వేయలేదు. 'ఎనర్జీ చార్జ్' కరెంటు అమ్మిన కంపెనీది: యూనిట్‌కు 12 సెంట్లు, మొత్తం 139.20 డాలర్లు. ఈ ప్లాన్‌లో మన స్లాబుల్లాంటివి లేవు. 'డెలివరీ చార్జ్' తీగలు, మీటరు చూసుకునే ఆన్‌కోర్‌ది. అమ్మాయి అమ్మకం కంపెనీని మార్చినా ఆ డెలివరీ రేటు మారదు.