ముప్పై రోజులు దాటితే సరిపోతుందా?

ప్రశ్న: అమ్మకు 62 ఏళ్లు. ఆమె పేరిట ఆరోగ్య బీమా తీసుకుంటున్నాను. 30 రోజులు దాటితే కంటి శుక్లం ఆపరేషన్‌కూ డబ్బు వస్తుందని ఏజెంటు అన్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. ఆ 30 రోజులు జ్వరంలాంటి మామూలు జబ్బులకు. పాలసీ పీడీఎఫ్‌లో Excl02 అని వెతకండి. శుక్లం, హెర్నియా వంటివి అక్కడ పేరుపేరునా ఉంటాయి. చాలా పాలసీల్లో 24 నెలలు ఆగాలి. 2025 జూన్‌లో పాలసీ మొదలై, 2026 డిసెంబరులో శుక్లం తీయిస్తే ఖర్చంతా మీదే. పాలసీ తీసుకున్నాకే శుక్లం బయటపడినా అంతే. చాలామందికి మింగుడుపడనిది ఇదే.

డాక్టరు ముందే శుక్లమని రాసి ఉంటే Excl01 కూడా చదవండి. పాత జబ్బుల గడువు 36 నెలల దాకా ఉండొచ్చు. రెండింటిలో ఎక్కువదే వర్తిస్తుంది. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆపరేషన్ అవసరమైతే మాత్రం ఈ 24 నెలల గడువు అడ్డురాదు.