పాత కంప్యూటరు మూగబోతే: బీప్‌లు, దీపాలు చెప్పే సంగతి

దాతలు పంపే ఆఫీసు కంప్యూటర్లలో కొన్ని, స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది కానీ తెర మీద ఏమీ రాదు. ‘మదర్‌బోర్డు పోయింది’ అని వాటిని తుక్కులో కలిపేస్తారు. ఆ మాట అనే ముందు ఆ యంత్రం ఏం చెబుతోందో తెలుసుకోవాలి.

కరెంటు అందగానే మదర్‌బోర్డు మీది బయోస్ అనే చిన్న ప్రోగ్రాము వరుసగా ప్రాసెసరును, ర్యామ్‌ను, డిస్‌ప్లే కార్డును, చివరగా హార్డ్ డిస్కును పరీక్షిస్తుంది. తెర పనిచేయక ముందే తనిఖీ ఆగిపోతే, ఆ సంగతి తెర మీద చూపలేదు. అందుకే బీప్ శబ్దంతోనో, దీపంతోనో చెబుతుంది. కొత్త బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది వెలిగి ఆరకుండా నిలిచిందో, తనిఖీ అక్కడ ఆగిందన్నమాట.

బీప్‌ల భాష మాత్రం అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఒక పొడవైన బీప్, రెండు చిన్న బీప్‌లు వస్తే పాత అవార్డ్ బయోస్‌లో డిస్‌ప్లే లోపమని అర్థం. అదే శబ్దానికి అసుస్ బోర్డుల మాన్యువల్‌లో ర్యామ్ దొరకలేదని అర్థం. కనుక ముందు బోర్డు పేరు చూసి, దాని మాన్యువల్ తెరవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. డెల్ ఆప్టిప్లెక్స్‌లో పవర్ బటన్ నారింజ రంగులో రెండుసార్లు వెలిగి, కాస్త ఆగి, మూడుసార్లు వెలుగుతోంది. చాలా మోడళ్లలో దీని అర్థం ర్యామ్ కనబడలేదని. అందులో రెండు ర్యామ్ కడ్డీలున్నాయనుకోండి. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, రెండూ బయటికి తీయాలి. బంగారు రంగు అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి, ఒక్కదాన్నే క్లిప్పు ‘టక్’మనే దాకా నొక్కి పరీక్షించాలి. తర్వాత అదే స్లాటులో రెండోది. ఒకటి పనిచేసి రెండోది చేయకపోతే లోపం ఆ కడ్డీదే. రెండూ ఒక స్లాటులో పనిచేసి ఇంకో స్లాటులో చేయకపోతే లోపం స్లాటుది. రెండూ అన్నిచోట్లా పనిచేస్తే, అడ్డుపడింది దుమ్మో, వదులుగా కూర్చోవడమో అయివుంటుంది.

బీపూ దీపమూ రెండూ లేకపోతే? చాలా బోర్డులకు స్పీకరే ఉండదు. బోర్డు మీది నాలుగు పిన్నులకు చిన్న స్పీకరు తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి స్విచ్ వేయండి. ర్యామ్ లేదని బీప్‌లతో మొరపెట్టుకుంటే ప్రాసెసరు, బయోస్ బతికే ఉన్నాయి. అప్పుడూ మౌనమే అయితే పవర్ సప్లై, ప్రాసెసరు, బోర్డులలో ఒకదాన్ని అనుమానించాలి. ఆ తేల్చుడు మెకానిక్ పని.

ఈ గుర్తులు తనిఖీ ఎక్కడ ఆగిందో చెబుతాయే గానీ, ఏ భాగం పాడైందో కచ్చితంగా చెప్పవు. ప్రాసెసరు సాకెట్టులో ఒక్క పిన్ను వంగినా డీర్యామ్ దీపమే వెలగవచ్చు. కాబట్టి కొత్త ర్యామ్ కొనే ముందు, పనిచేస్తున్న యంత్రంలోని అదే రకం కడ్డీతో సరిచూడాలి.

కంప్యూటరు ఇచ్చేటప్పుడు దాని మోడల్ పేరు, వినిపించిన బీప్‌ల వరుస లేదా వెలిగిన దీపం ఒక చీటీ మీద రాసి అంటించండి. బాగుచేసేవారు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీయే చెబుతుంది.