పాత ఇంటి వైరింగులో పవర్‌లైన్ అడాప్టర్ ఎందుకు కుంటుతుంది?

అమలాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళది పాత మండువా లోగిలి. ఫైబర్ కనెక్షన్ వీధి గదిలోకి వచ్చి ఆగింది. పిన్ని ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్ చెప్పేదేమో పెరటి వైపు గదిలో. మధ్యలో మందపాటి గోడలు, మండువా. వైఫై అక్కడికి వెళ్ళేసరికి ఒక గీత మిగిలేది. "పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నార్రా, ఏదో ఒకటి చెయ్యి" అంది పిన్ని. సీఎస్ చదువుతున్నా కదా, పవర్‌లైన్ అడాప్టర్లు కొనమని సలహా ఇచ్చింది నేనే. డబ్బాల మీద 600 ఎంబీపీఎస్ అని ఉంది. పిన్ని గదిలో వచ్చింది 4.

ఆ 4కీ 600కీ మధ్య ఏం జరిగిందో వెతికితే నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ముందు ఈ అడాప్టర్ చేసే పని చూద్దాం. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఊగిసలాటలు. అడాప్టర్ అదే తీగ మీద, సెకనుకు కోట్లసార్లు ఊగే చిన్న సిగ్నల్‌ని కలుపుతుంది. హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణంలో ఇది 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ వరకు, ఏవీ2లో 86 దాకా ఉంటుంది. ఈ మొత్తాన్ని వందల సన్న దారులుగా విడగొట్టి, ప్రతి దారీ ఎంత శుభ్రంగా ఉందో కొలిచి, బాగున్న దాని మీద ఎక్కువ బిట్లు, పాడైన దాని మీద తక్కువ బిట్లు పంపుతుంది. డబ్బా మీద అంకె అన్ని దారులూ అద్దంలా ఉంటే వచ్చే లెక్క. పైగా అది రెండు వైపులకీ కలిపి. మావాటికి ఉన్న ఈథర్నెట్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది, కాబట్టి 600 అనేది మాకు ఎప్పటికీ రాదు.

ఇక పాత వైరింగ్ ఏం చేస్తుంది? ఒక చిన్న లెక్క. మెయిన్ తీగ నుంచి 5 మీటర్ల కొమ్మ ఒకటి విడిపోయి, ఏమీ తగిలించని ప్లగ్గు దగ్గర ఆగిపోయిందనుకోండి. సిగ్నల్ ఆ కొమ్మలోకీ వెళ్తుంది, చివర కొట్టుకుని వెనక్కి వస్తుంది. పీవీసీ తీగలో దాని వేగం సుమారు సెకనుకు 18 కోట్ల మీటర్లు. అంటే 9 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు 20 మీటర్లు. పోయి రావడానికి 10 మీటర్లు, సరిగ్గా సగం అల. తిరిగొచ్చిన అల అసలు అలకి ఎదురు తిరిగి దాన్ని చంపేస్తుంది. 9 దగ్గర ఒక గుంట, మళ్ళీ 27 దగ్గర ఇంకోటి. కొమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కానీ పాత ఇంట్లో నలభై ఏళ్ళుగా ఎవరికి తోచిన చోట వాళ్ళు తీగ మెలిపెట్టి, టేపు చుట్టి కొత్త కొమ్మ లాగుతూ పోయారు. ఎన్ని కొమ్మలుంటే అన్ని గుంటలు. వదులైన జాయింటు దగ్గర ఇంకొంత సిగ్నల్ పోతుంది.

ఇది పుస్తకం మాట. మా ఇంట్లో అసలు దోషం ఎవరిదో తేలాలంటే కొలవాలి. వీధి గదిలో రౌటర్‌కి మావయ్య ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి మొదటి కమాండ్, పెరటి గదిలో అడాప్టర్‌కి తగిలించిన నా ల్యాప్‌టాప్‌లో రెండోది నడిపాను. అడ్రస్ మీ ఇంటిది వేసుకోండి.

```
iperf3 -s
iperf3 -c 192.168.1.20 -t 60
```

ఇంటర్నెట్ స్పీడ్ టెస్టు కాకుండా ఇదే ఎందుకంటే, ఇది ఇంటి లోపలి దారిని మాత్రమే కొలుస్తుంది. బయటి కనెక్షన్ గొడవ ఇందులోకి రాదు.

మొదటి పరీక్ష: రెండు అడాప్టర్లూ ఒకే స్విచ్‌బోర్డులో పక్కపక్కన. 92 ఎంబీపీఎస్. అంటే వస్తువులో లోపం లేదు, తీగలోనే ఉంది. ఇది చేయకుండా దుకాణానికి వాపసు తీసుకెళ్ళొద్దు.

రెండోది: పెరటి గదిలో అడాప్టర్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి తీసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను. 4 కాస్తా 9 అయింది. సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేగంగా ఊగే సిగ్నల్‌ని చెత్త అనుకుని మింగేస్తాయి. వాటి పనే అది.

మూడోది: వీధి గది నుంచి పక్కనున్న హాల్లోకి. 41. హాలు నుంచి పెరటి గది దూరం ఏమంత ఎక్కువ కాదు, మరి 41 నుంచి 9కి ఎందుకు పడింది? ఇక్కడ నాకు దారి చూపింది అమ్మమ్మ. "ఒక ఫేజు పోయినప్పుడు వీధి వైపు దీపాలారిపోతాయి గానీ పెరటి వైపు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కదరా" అంది. మా ఇంటికి త్రీ ఫేజ్ సప్లై. ముందు భాగం ఒక ఫేజు మీద, వెనక భాగం ఇంకో ఫేజు మీద ఉన్నాయి. ఆ రెండు తీగలకీ మధ్య నేరుగా కలయిక లేదు. తీగలు పక్కపక్కన నడిచే చోట అటు నుంచి ఇటు కారిన సిగ్నలే మాకు ఆ 9.

సరే, వీడియో క్లాసుకి 9 చాలదా? సగటున చాలు. కానీ iperf3 సెకను సెకనుకీ వేసే వరసలు చూస్తే మధ్యలో 0 కనిపించింది. అదే క్షణంలో వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, అమ్మమ్మ కొబ్బరి పచ్చడి రుబ్బుతోంది. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్‌ల దగ్గర వచ్చే నిప్పురవ్వలు ఈ మెగాహెర్ట్జ్‌లన్నింటిలోనూ రొద పెడతాయి. చౌక ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు కూడా కొంత. అందుకే పిన్ని క్లాసు మధ్యాహ్నం నడిచేది, దీపాలు పెట్టాక ఆగిపోయేది. కాబట్టి సగటు చూడకండి, సాయంత్రం కొలిచి అతి తక్కువ అంకె చూడండి.

మావయ్య ఇంకా ఖరీదైన 1200 రకం కొందామన్నాడు. నేను వద్దన్నాను. పెద్ద అంకెల రకాలు చాలావరకు ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ తీగని కూడా వాడుకుని వేగం పెంచుతాయి. మా పెరటి గదిలో మూడు కన్నాల ప్లగ్గు ఉంది గానీ మూడో కన్నం వెనక తీగే లేదు. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూపించి, "ఆయ్, ఇది అలంకారానికండి బాబు" అన్నాడు. అదే బోర్డులో ఒక జాయింటు వేడికి నల్లబడి ఉంది. దాన్ని అప్పటికప్పుడు మార్పించాం. నెట్ నెమ్మదిగా ఉంటే వైరింగ్ ప్రమాదమని అర్థం కాదు. కానీ బోర్డు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా నెట్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

చివరికి మేం చేసింది పాత పద్ధతే. వీధి గది నుంచి చూరు కిందుగా, మండువా అంచు వెంబడి, 28 మీటర్ల క్యాట్6 కేబుల్‌ని పీవీసీ పైపులో లాగాం. కరెంటు తీగలున్న పైపులో కలపలేదు. కేబుల్ అసలు రాగిదే కొన్నాం, రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చౌకగా దొరుకుతుంది గానీ పెళుసు. ఈథర్నెట్‌కి 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. పిన్ని గదిలో ఇప్పుడు 94, మిక్సీ తిరుగుతున్నా 94.

అడాప్టర్లు పనికిరానివని నేననను. ఒకే ఫేజు, ఎర్త్ ఉన్న కొత్త వైరింగ్, గోడకి కన్నం పెట్టనివ్వని అద్దె ఇల్లు అయితే అవే తేలిక. కేబుల్ లాగడం కుదరక, రెండు గదుల తలుపులూ మండువాలోకే తెరుచుకుంటే, వసారాలో ఇంకో వైఫై మెష్ పెట్టి చూడొచ్చు. ఖాళీ జాగాలో వైఫైకి అడ్డేమీ ఉండదు, గోడలే దానికి శత్రువులు. ఏది కొన్నా వాపసు గడువు లోపల ఆ మూడు పరీక్షలూ చేయండి: ఒకే బోర్డులో, పక్క గదిలో, కావలసిన గదిలో సాయంత్రం పూట. మొదటిది బాగుండి మూడోది పడిపోతే, దోషం గోడలో ఉంది.

మా అడాప్టర్లు వృథా కాలేదు. హాల్లో టీవీకి పెట్టాం. అక్కడ 41 చాలు.