సీమంతం పిలుపులో ఏం రాయాలి?

ప్రశ్న: మా కోడలికి ఏడో నెల. ఆగస్టు 30, ఆదివారం సీమంతం పెట్టుకున్నాం. మా అబ్బాయి పాత పెళ్లి శుభలేఖ ఒకటి చూసి, పేర్లు మార్చి వాట్సాప్‌లో పెట్టడానికి పిలుపు తయారు చేశాడు. చదివితే ఏదో తేడాగా ఉంది. ఎలా రాయాలి?
– ఒక అత్తగారు, కొండాపూర్

జవాబు: అమ్మా, తేడా పెళ్లి శుభలేఖలోనే ఉంది. అందులో అమ్మాయి పేరు ముందు ‘చి.ల.సౌ.’ ఉంటుంది. అది పెళ్లికూతురికి రాసేది. మీ కోడలికి ‘సౌ.’ చాలు, చిన్నదని ముద్దుగా అనిపిస్తే ‘చి.సౌ.’ అనండి. వాట్సాప్‌లో తిరిగే పిలుపుల్లో సగానికి ఈ పొరపాటు ఉంటుంది. ఇక సీమంతమా, శ్రీమంతమా అని మీ బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతారు. సీమంతం అంటే పాపిట. పాపిట తీసే సంస్కారం గనక సీమంతోన్నయనం. వాడుకలో అదే శ్రీమంతం అయింది. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి.

తిథి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ ఆదివారం సూర్యోదయానికి శ్రావణ బహుళ విదియ, మధ్యాహ్నానికి ముందే తదియ వచ్చేస్తుంది. గోడ క్యాలెండర్ చూసి ‘విదియ’ అని రాసి, ముహూర్తం పదకొండు దాటాక పెట్టారనుకోండి, పంచాంగం చూసే పెద్దాయన ఎవరో ఫోన్ చేస్తారు. పురోహితుడు రాసిచ్చిన చీటీలో ఉన్నదే దించండి.

అసలు చిక్కు వేదిక దగ్గర. మొన్నామధ్య నాకొచ్చిన పిలుపులో ‘క్లబ్‌హౌస్’ అని మాత్రమే ఉంది. ఆ ప్రాంగణంలో క్లబ్‌హౌస్‌లు రెండు. పూలు, గాజుల పళ్లెంతో నేను వెళ్లిన చోట ఎవరో పిల్లాడి పుట్టినరోజు, బెలూన్లు! మీవైపు గేట్లు ఒకటికి మించి ఉంటాయి. ఏ గేటు, ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, సెక్యూరిటీ వాళ్లకు ఏ ఫ్లాట్ నంబరు చెప్పాలి అన్నది పిలుపులోనే ఉండాలి. మ్యాప్ లింకు పిల్లలకు సరిపోతుంది, ఎల్బీ నగర్ నుంచి వచ్చే పెద్దమ్మకు మాత్రం అమీర్‌పేటలో మెట్రో మారి హైటెక్ సిటీ స్టేషన్లో దిగాలని రాయాలి.

వేళ కూడా ముహూర్తం ఒక్కటే రాయకండి. ఆఫీసు స్నేహితులు దాన్ని భోజనాల వేళ అనుకుని గంట ఆలస్యంగా వస్తారు. అప్పటికి గాజులు తొడగడం అయిపోతుంది. ఇదిగో, ఇలా రాయవచ్చు:

*శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు*
*స్వస్తిశ్రీ చాంద్రమాన పరాభవ నామ సంవత్సర శ్రావణ బహుళ తదియ, ఆదివారం (30-08-2026) ఉదయం గం. 11.15 ని.లకు మా కోడలు సౌ. …… సీమంతం జరిపించ నిశ్చయించినాము. తమరు సకుటుంబంగా విచ్చేసి, అమ్మాయిని ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించ ప్రార్థన.*
*గాజులు, పూలు: 11.45 నుంచి. విందు: 12.30 నుంచి.*
*వేదిక: …… అపార్ట్‌మెంట్స్, బి బ్లాక్ క్లబ్‌హౌస్, మొదటి అంతస్తు, కొత్తగూడ కూడలి దగ్గర, కొండాపూర్. రెండో గేటు నుంచి రావాలి. సెక్యూరిటీ వద్ద ఫ్లాట్ …… అని చెప్పగలరు.*
*ఆహ్వానించువారు: ……*

మీ వియ్యపురాలి పేరు కూడా కింద వేయండి. సూడిదలు తెచ్చేది వాళ్లే కదా.

ప్రశ్న: ఆ సీమంతం నాదే! మా టీమ్ అమ్మాయిలు గులాబీ, నీలం రంగుల్లో వస్తామంటున్నారు. అత్తయ్య పట్టుచీరలే అంటున్నారు. పిలుపులో ఏం పెట్టాలి?
– ఆ కోడలు

జవాబు: ‘పాప అనుకుంటే గులాబీ, బాబు అనుకుంటే నీలం’ అనే ఆట విదేశాల నుంచి వచ్చింది. అక్కడ స్కాన్‌లో తెలిసింది చెప్పడానికి ఆ రంగులు వాడతారు. మనకు 1994 నాటి చట్టం ప్రకారం పుట్టబోయేది ఎవరో చెప్పడం నేరం, కాబట్టి ఆ రంగులతో చెప్పడానికేమీ లేదు. సరదాకి వేసుకున్నా, ‘బాబా? పాపా?’ అని పదిమందిలో పెద్దవాళ్లు మొదలుపెట్టే మాటలు నీకే ఇబ్బంది.

‘డ్రెస్ కోడ్’ అని రాస్తే ఊరి నుంచి వచ్చే బాబాయికి ఆజ్ఞలా వినిపిస్తుంది. పిలుపు చివర ‘సంప్రదాయ వస్త్రధారణలో విచ్చేస్తే మాకు సంతోషం’ అని ఒక్క వాక్యం చాలు. ‘నలుపు మాత్రం వద్దు’ అన్నది మీ టీమ్ గ్రూపులో విడిగా చెప్పు. నీకు ఆకుపచ్చ చీర ఎలాగూ పెడతారు. వాళ్లను పసుపు, నారింజ కట్టుకోమను, ఫొటోలో నువ్వు విడిగా కనబడతావు. ఏడో నెలలో బరువైన పట్టు గంటన్నర మోయడం కష్టం. పీటల మీద కూర్చునేటప్పుడు కట్టుకుని, భోజనాల ముందు నూలు చీరలోకి మారిపోతానని అత్తయ్యతో ముందే అనేసెయ్.